7,200కు అమ్మి 6,920 ఎందుకు వేశారు? సభ్యులకు పంపే లెక్క మెసేజ్ గురించి

నమస్తే సార్. మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో అకౌంట్స్ నేనే చూస్తాను. మాది తాండూరు వైపు. ఈ సీజన్‌లో 42 మంది సభ్యుల కందులు 200 సంచులు, మా కాంటా ప్రకారం సరిగ్గా 100 క్వింటాళ్లు, హైదరాబాద్ దగ్గరి ఒక పప్పు మిల్లుకు క్వింటాలు 7,200 చొప్పున అమ్మాం. సభ్యుల ఖాతాల్లో 6,920 చొప్పున వేశాం. ఆ రోజు వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ పెట్టాను:

"సభ్యులకు తెలియజేయునది ఏమనగా, కందుల విక్రయం విజయవంతంగా పూర్తయినది. క్వింటాలు ధర రూ. 7,200. రవాణా, హమాలీ, తరుగు, ఇతర ఖర్చులు మరియు సంఘం మార్జిన్ నిబంధనల ప్రకారం మినహాయించి మిగిలిన మొత్తం మీ ఖాతాలో జమ చేయబడినది. సభ్యులు సహకరించగలరు."

సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. 280 ఎటు పోయిందని అందరూ అడుగుతున్నారు. ఊళ్లో సేటు ఏ కటింగూ లేకుండా 7,000 ఇచ్చాడట. ఒక్క రూపాయి కూడా తేడా లేదు సార్, చిట్టీలన్నీ ఉన్నాయి, ఫోటోలు పంపుతున్నాను. మెసేజ్ ఎలా రాయాల్సింది? ఇప్పుడేం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

— ఒక అకౌంటెంట్, వికారాబాద్ జిల్లా

*

మీ చిట్టీలు ముందు పెట్టుకుని లెక్క వేశాను. లారీ కిరాయి 9,000. హమాలీ ఊళ్లో 2,000, మిల్లు దగ్గర 2,000. వే బ్రిడ్జి 240. సంఘం తీసుకున్నది 4,000. బోర్డు తీర్మానం ప్రకారం తర్వాత ఇవ్వడానికి ఆపింది 5,000. అన్నీ కలిపితే 22,240 రూపాయలు. 100 క్వింటాళ్లకు పంచితే క్వింటాలుకు 222 రూపాయల 40 పైసలు వస్తుంది. మీ సభ్యులు అడుగుతున్నది 280 గురించి. ఇంకా 57 రూపాయల 60 పైసలకు ఈ చిట్టీల్లో జవాబు లేదు. మీరు డబ్బు దగ్గర తప్పు చేయలేదన్నది నిజమే. కానీ చిట్టీలన్నీ పట్టుకెళ్లి సభ్యుల ముందు పెట్టినా ఈ 57.60 దగ్గర మీరు ఆగిపోతారు. అందుకే మాటలు సరిదిద్దేముందు దాన్ని వెతుకుదాం.

అది మీరు "తరుగు" అని ఒక్క ముక్కలో రాసి వదిలేసిన చోట ఉంది. మీ కాంటా పుస్తకం పేజీలో 200 సంచుల మొత్తం బరువు 10,120 కిలోలు అని ఉంది. ఖాళీ సంచి తూచి 600 గ్రాములు అని రాసుకున్నారు. 200 సంచులకు 120 కిలోలు తీసేస్తే నికరం 10,000 కిలోలు. ఇది చాలా మంచి పని. ఖాళీ సంచిని తూచి రాసుకునే సంఘాలు నేను ఎక్కువ చూడలేదు. ఇప్పుడు మిల్లు చిట్టీ చూడండి. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే వాళ్లకూ 10,120 కిలోలే వచ్చింది. మీ కాంటాకు, వాళ్ల వే బ్రిడ్జికి తేడా లేదు. మామూలుగా వే బ్రిడ్జి 5 కిలోల మెట్టు మీదో 10 కిలోల మెట్టు మీదో చూపిస్తుంది కాబట్టి పది ఇరవై కిలోల తేడా రావడం సహజం. ఈ లారీకి అది కూడా లేదు. అయినా మిల్లు డబ్బు కట్టింది 9,920 కిలోలకు. ఎందుకంటే వాళ్లు సంచికి కిలో చొప్పున 200 కిలోలు తీసేశారు. ఆ సంచులు ఇచ్చింది వాళ్లే. అవి 600 గ్రాములే ఉన్నాయి.

అంటే సంచికి 400 గ్రాముల కందులకు డబ్బు రాలేదు. 200 సంచులకు 80 కిలోలు. కిలో 72 రూపాయల చొప్పున 5,760. క్వింటాలుకు పంచితే సరిగ్గా 57.60. మీ ఊళ్లోనూ మిల్లులోనూ కలిపి హమాలీలకు ఇచ్చింది 4,000. వాళ్లు 200 సంచులు రెండుసార్లు మోశారు. దానికంటే ఎక్కువ డబ్బు ఖాళీ సంచి బరువు పేరు మీద పోయింది, అది ఎక్కడా రూపాయల్లో కనిపించలేదు. సభ్యులు అడిగినప్పుడు మీకు చెప్పడానికి మాట దొరకకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. మీకు తెలియకుండానే మీ మెసేజ్ ఒక నష్టాన్ని కప్పేసింది.

రవాణా, హమాలీ లాంటి ఖర్చులు సభ్యులకు ఎప్పుడూ అర్థమవుతాయి. లారీ నడిచింది, మనుషులు మోశారు, అది వాళ్ల కళ్ల ముందు జరిగింది. బరువులో పోయింది మాత్రం కళ్ల ముందు జరగదు. అందుకే దాన్ని కిలోల్లో, కారణంతో రాయాలి. నేను ఒక సంఘంలో పనిచేసిన తొలి ఏడాది వేరుశనగ లెక్కలో "ఇతర ఖర్చులు" అని ఒక వరుస రాశాను. అందులో వే బ్రిడ్జి, కుట్టు దారం, టీ డబ్బులు ఉన్నాయి, అంతే. ఒక పెద్దాయన సమావేశంలో లేచి "ఇతర అంటే ఎవరు బిడ్డా?" అని అడిగారు. నేను చెప్పేలోపే పక్కవాళ్లు నవ్వారు, తర్వాత నేను చెప్పింది ఎవరూ వినలేదు. మరుసటి ఏడాది ఆయన తన పంట మాకు ఇవ్వలేదు. చిన్న మొత్తమే కదా అని రాసిన మాట అది. ఆ ఖర్చుల్లో ఒక్కటీ దాచాల్సింది కాదు, అయినా దాచినట్టు అయింది.

ఇక మెసేజ్ రాయడంలోకి వద్దాం. మొదట తేల్చుకోవాల్సింది క్వింటాలు అంటే ఎవరి క్వింటాలు అని. మీ సభ్యుడికి తెలిసిన బరువు మీ ఊరి కాంటా బరువే. తన చిట్టీ మీద ఉన్నది అదే. మిల్లు బరువు మీద లెక్క కడితే 6,92,000ను 99.20తో భాగించాలి, అప్పుడు క్వింటాలుకు 6,975కు పైన వస్తుంది. చూడటానికి అది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి కొందరు అలా రాస్తారు. కానీ సభ్యుడు తన రెండున్నర క్వింటాళ్లతో దాన్ని గుణించుకుంటే తన ఖాతాలో పడిన డబ్బుతో కలవదు. మీరు 6,920 అని ఊరి బరువు మీదే ఇచ్చారు, అది సరైనదే. మెసేజ్‌లో "మన కాంటా బరువు మీద" అనే నాలుగు మాటలు చేర్చండి.

తర్వాత, "మినహాయింపులు" అని ఒకే మూటలో కట్టిన వాటిని విప్పాలి. అందులో మూడు వేరు వేరు సంగతులు ఉన్నాయి. లారీ, హమాలీ, వే బ్రిడ్జి డబ్బులు బయటివాళ్లకు వెళ్లాయి. క్వింటాలుకు 40 సంఘం నడపడానికి సంఘమే తీసుకుంది. క్వింటాలుకు 50 ఎవరికీ వెళ్లలేదు, సభ్యుడి పేరు మీదే ఉంది. ఈ మూడింటినీ కామాలు పెట్టి వరసగా రాస్తే చదివేవాళ్లకు మూడూ ఒకే రకం కటింగ్ అనిపిస్తాయి. పైగా మీరు ఆపిన 5,000 గురించి మెసేజ్‌లో అసలు మాటే లేదు. అది మీరు "మార్జిన్"లో కలిపేశారనుకుంటాను. దయచేసి అలా కలపకండి. మీ సంఘం ప్రొడ్యూసర్ కంపెనీగా నమోదైందని మీ రసీదు మీది పేరు చెబుతోంది. కంపెనీల చట్టంలో ఉత్పత్తిదారుల కంపెనీల కోసం ఉన్న 21ఎ అధ్యాయం, ఇచ్చిన పంటకు మొదట బోర్డు నిర్ణయించినంత ధర ఇచ్చి, నిలిపి ఉంచిన మిగతా ధరను తర్వాత నగదుగానో, వస్తువుగానో, షేర్లుగానో ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది. కాబట్టి ఆపడం తప్పు కాదు. కానీ అది సభ్యుడికి రావాల్సిన ధరలో భాగం. ఎప్పుడు ఇస్తారో, నగదుగా ఇస్తారో షేర్లుగా రాస్తారో మెసేజ్‌లో ఉండాలి. మీరు పంపిన తీర్మానం ఫోటోలో "తదుపరి చెల్లించబడును" అని మాత్రమే ఉంది. ముందు మీ చైర్మన్‌ను అడిగి అది తేల్చుకోండి. తేలకుండా మీ అంతట మీరు తారీఖు రాయవద్దు.

హమాలీ గురించి ఒక మాట. హమాలీ కూలి సంచికి లెక్క, ఎక్కించడానికి 10, దించడానికి 10. మీరు పంచింది క్వింటాలుకు 40 చొప్పున. సంచికి 50 కిలోలు నింపిన వాళ్లకు రెండూ ఒకటే అవుతాయి. మీ కాంటా పుస్తకంలో కొందరివి 42, 43 కిలోల సంచులు ఉన్నాయి. వాళ్లకు అసలు కూలి కొంచెం ఎక్కువ పడాలి, బాగా నింపినవాళ్లు ఆ కొంచెం భరించారు. మిల్లు సంచికి 400 గ్రాములు అదనంగా తీసింది కాబట్టి, ఒక్కో సంచి మీద 20 రూపాయల హమాలీ, 28 రూపాయల 80 పైసల బరువు నష్టం, మొత్తం 48.80 పోయింది, అందులో 42 కిలోలున్నా 50 కిలోలున్నా. ఈసారికి క్వింటాలు లెక్కే ఉంచండి, మధ్యలో మార్చితే ఇంకో గొడవ. కానీ సంచి నిండా నింపమని ఎందుకు అడుగుతున్నారో చెప్పడానికి ఈ లెక్క పనికొస్తుంది.

లారీ కిరాయి మాత్రం లారీకి, సంచికి కాదు. 100 క్వింటాళ్లు ఎక్కాయి కాబట్టి క్వింటాలుకు 90 పడింది. 80 క్వింటాళ్లే ఎక్కి ఉంటే 112.50 పడేది. అందుకే మెసేజ్‌లో "రవాణా క్వింటాలుకు 90" అని ఒక్కటే రాయకుండా మొత్తం కిరాయి, ఎన్ని క్వింటాళ్లు అనే రెండూ రాయండి. వచ్చే లారీకి 105 పడితే పోయినసారి 90 కదా అని అడుగుతారు, అప్పుడు మీ పాత మెసేజే జవాబు చెబుతుంది.

మీ లెక్కలో లేని రెండు వరుసల గురించి కూడా సభ్యులు అడగవచ్చు. మార్కెట్ ఫీజు కొనేవాళ్లు కట్టాల్సింది, 1966 నాటి మన మార్కెట్ల చట్టం అలాగే చెబుతుంది. అది రైతు లెక్కలోకి రాకూడదు, మీ దాంట్లో రాలేదు. వ్యవసాయ ఉత్పత్తుల రవాణాకు, ఎక్కించి దించే పనికి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఎప్పుడైనా ట్రాన్స్‌పోర్టు బిల్లులో జీఎస్టీ వరుస కనిపిస్తే డబ్బు కట్టే ముందు వాళ్లను అడగండి.

ఇప్పుడు మెసేజ్. మీరు రాసిన "తెలియజేయునది ఏమనగా", "జమ చేయబడినది" లాంటివి తీసేయండి. ఎవరు కట్టారు, ఎవరు తీశారు అన్నది ఆ వాక్యాల్లో మాయమవుతుంది. "నిబంధనల ప్రకారం" అంటే ఏ నిబంధన అని అడుగుతారు, దాని బదులు బోర్డు సమావేశం తారీఖు రాయండి. "సహకరించగలరు" అన్న మాట చదవగానే ఏదో భరించమంటున్నారన్న అనుమానం వస్తుంది. మీ ఊళ్లో కాంటా దగ్గర నిలబడి ఒకరికి చెబుతున్నట్టు రాయండి. నేనైతే ఇలా పంపేవాణ్ని:

"కందుల మొదటి లారీ లెక్క

మన కాంటా మీద 200 సంచులు, సంచి బరువు తీసేశాక 100 క్వింటాళ్లు.
మిల్లు డబ్బు కట్టింది 99 క్వింటాళ్ల 20 కిలోలకు. ఖాళీ సంచి 600 గ్రాములే తూగింది, మిల్లువాళ్లు కిలో చొప్పున తీశారు. అందుకని 80 కిలోల డబ్బు, 5,760 రూపాయలు, మనకు రాలేదు. దీని గురించి మిల్లును అడుగుతున్నాం. ఏం చెప్పారో ఇక్కడే పెడతాం.
క్వింటాలు 7,200 చొప్పున మిల్లు నుంచి వచ్చింది 7,14,240.

బయటికి కట్టినవి: లారీ కిరాయి 9,000. హమాలీ ఊళ్లో ఎక్కించడానికి 2,000, మిల్లులో దించడానికి 2,000. వే బ్రిడ్జి 240.
సంఘం తీసుకున్నది: క్వింటాలుకు 40, మొత్తం 4,000. ఆఫీసు, కాంటా ఖర్చులకు.
మీ పేరు మీద ఆపినది: క్వింటాలుకు 50, మొత్తం 5,000. ఇది మీ డబ్బే. ఎప్పుడు, ఎలా ఇస్తామో (బోర్డు చెప్పింది ఇక్కడ రాయాలి).

42 మందికి వేసింది 6,92,000. మన కాంటా బరువు మీద క్వింటాలుకు 6,920.

చిట్టీలన్నీ ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు. మీ సొంత లెక్క మీ ఫోన్‌కు విడిగా వస్తుంది."

ఈ మెసేజ్‌లో చూడండి, అడుగున ఉన్న 6,92,000 వరకు పైనుంచి ఎవరైనా కూడి తీసుకుంటూ రావచ్చు. 7,14,240లోంచి 13,240 బయటికి కట్టినవి తీస్తే 7,01,000. సంఘానికి 4,000, ఆపినవి 5,000 తీస్తే 6,92,000. పదో తరగతి చదివే పిల్లవాడు కాల్‌క్యులేటర్‌లో వేసుకుని సరిచూసుకోగలగాలి. పంపే ముందు మీరు కూడా ఒకసారి 42 మంది ఖాతాల్లో వేసిన మొత్తాలు కూడి 6,92,000 వస్తుందో లేదో చూసుకోండి. పైసలు గుండ్రం చేసినప్పుడు ఇరవై ముప్ఫై రూపాయలు తేడా వస్తే అది కూడా ఒక వరుసగా రాయండి.

రెండోది, ఒక్కొక్కరికి విడిగా పంపే చిట్టీ. అయిదు సంచులు, 250 కిలోలు ఇచ్చిన సభ్యురాలిని తీసుకుందాం.

"మీ కందులు 5 సంచులు, 250 కిలోలు. 7,200 చొప్పున అయితే 18,000.
మిల్లు సంచి బరువు ఎక్కువ తీయడం వల్ల రానిది 144. లారీ 225. హమాలీ 100. వే బ్రిడ్జి 6. సంఘానికి 100.
మీ పేరు మీద ఆపింది 125.
మీ ఖాతాలో వేసింది 17,300."

18,000కు, 17,300కు తేడా 700. అందులో 125 ఆమెదే, తర్వాత వస్తుంది. ఇది తెలిస్తే ఆమె అడిగే ప్రశ్న "నా 700 ఏమైంది" నుంచి "ఆ 144 ఎప్పుడు తెస్తారు" వరకు మారుతుంది. ఆ రెండో ప్రశ్నకు మీరు జవాబు చెప్పగలరు.

ఈ సొంత లెక్కలు గ్రూపులో పెట్టకండి. ఎక్సెల్ షీటు ఫోటో తీసి 42 మంది పేర్లు, ఖాతా నంబర్లు, మొత్తాలతో పెట్టేయడం చాలా చోట్ల అలవాటైపోయింది. ఎవరింట్లో ఎంత పంట వచ్చిందో, ఎంత డబ్బు పడిందో ఊరికి, అప్పులవాళ్లకు కూడా తెలిసిపోతుంది. విత్తనాలో ఎరువులో అప్పుగా తీసుకున్న సభ్యుడికి ఆ బాకీ పట్టుకుంటే అది కూడా అతనికి పంపే చిట్టీలో మాత్రమే, ఎంత బాకీ ఉండె, ఎంత పట్టుకున్నాం, ఎంత మిగిలిందో రాయాలి. లారీ, హమాలీ వరుసల మధ్య దాన్ని ఇరికించవద్దు. మామూలు ఫోన్ ఉన్నవాళ్లకు ఎస్‌ఎంఎస్ పంపేటప్పుడు తెలుగు అక్షరాల్లో ఒక ఎస్‌ఎంఎస్‌కు 70 అక్షరాలే పడతాయి, మిగతాది ముక్కలవుతుంది. అందులో కిలోలు, వేసిన డబ్బు, ఆపిన డబ్బు ఈ మూడే పంపి, మిగతాది ఆఫీసు గోడకు అతికించిన మొత్తం లెక్కలో చూసుకోమనండి. గ్రూపు మెసేజ్‌ను మీ గొంతుతో చదివి వాయిస్ కూడా పెట్టండి. ఫోన్ కొడుకు దగ్గర ఉండే ఇళ్లలో ఆ వాయిస్ ఇంటిల్లిపాదీ వింటారు.

ఇప్పుడు సేటు 7,000 మాట. దీన్ని మీరు తేలిగ్గా తీసుకోవద్దు, సభ్యుల మీద కోపం తెచ్చుకోవద్దు. వాళ్లు చేస్తున్న పోలిక సరైనదే. కాకపోతే రెండు వైపులా చేతికి వచ్చిన డబ్బును పోల్చాలి. సేటు కాంటా దగ్గర క్వింటాలుకు ఎంత తరుగు తీస్తారో మీ ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది. రెండు కిలోలు తీస్తే 98 కిలోలకే డబ్బు, 70 చొప్పున 6,860. మీది ఇప్పుడు వచ్చిన 6,920, ఆపిన 50 కలిపి 6,970. అప్పుడు సంఘానికి ఇచ్చినవాళ్లకే 110 ఎక్కువ. కానీ ఆ సేటు నిజంగానే తరుగు తీయకుండా 7,000 ఇచ్చి ఉంటే ఆయన దగ్గర అమ్మినవాళ్లకే 30 ఎక్కువ వచ్చింది, అదీ ఇంటి ముందు, అదే రోజు. అలా అయితే అలాగే ఒప్పుకోండి. మీ మిల్లు సంచి బరువు సరిగ్గా తీసి ఉంటే మీ సభ్యులకు 7,027.60 వచ్చేది. ఈ ఏడాది సేటు కంటే మీరు పైనా కిందా అన్నది ఆ 80 కిలోల మీద ఆధారపడి ఉంది. ఈ పోలికను మెసేజ్‌లో మాత్రం రాయకండి. సేటు తరుగు గురించి మీ చేతిలో చిట్టీ లేదు. సమావేశంలో ఎవరైనా అడిగితే ఆయన దగ్గర అమ్మిన సభ్యుడినే తన చిట్టీ తెచ్చి చూపించమనండి, అందరి ముందు లెక్క వేయండి.

రేపు మీరు చేయాల్సింది ఇది. పాత మెసేజ్‌ను తీసేయకండి, తీసేస్తే ఏదో మార్చారనుకుంటారు. దాని కింద "నిన్న పెట్టిన మెసేజ్‌లో లెక్క విడమరచి రాయలేదు, అది నా పొరపాటు. పూర్తి లెక్క ఇది" అని కొత్తది పెట్టండి. అంతకుముందే మిల్లుకు ఫోన్ చేయండి. మీ కందులు వెళ్లిన సంచుల్లో పది ఖాళీవి వాళ్ల కాంటా మీదే తూచమనండి. ఆరు కిలోలు వస్తే అది వాళ్ల చిట్టీ మీద రాయించుకోండి. ఫోటోలో మీ కాంటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర కనిపిస్తోంది, మాటల్లో అవసరమైతే దాని ఫోటో కూడా పంపండి. ఈ లారీ 5,760 వాళ్లు ఇస్తారో లేదో నేను చెప్పలేను. చాలా మిల్లుల్లో సంచికి కిలో అన్నది ఎప్పటినుంచో ఉన్న అలవాటు, ఒక్క ఫోన్‌కు మారదు. కానీ వచ్చే లారీకి ధర మాట్లాడేటప్పుడే "సంచి బరువు తూచినంతే" అని ఒప్పంద కాగితంలో రాయించుకోగలరు. వాళ్లు ఒప్పుకోకపోతే క్వింటాలుకు 58 రూపాయలు ధరలోనే పెంచమని అడగండి, మీ చేతిలో లెక్క ఉంది కదా.

రెండో లారీ ఎక్కించే ముందు ఇంకో చిన్న మెసేజ్ పెట్టండి. లారీ కిరాయి ఎంతకు మాట్లాడారు, హమాలీ సంచికి ఎంత, మిల్లు సంచికి ఎంత బరువు తీస్తానంటోంది, సంఘానికి ఎంత, ఎంత ఆపుతారు, అన్నీ పోను చేతికి సుమారుగా ఎంత రావచ్చు. కందులు ఇంకా సభ్యుడి ఇంట్లో ఉండగానే ఈ అంకెలు అతని ఫోన్‌లో ఉండాలి. ఇష్టం లేకపోతే అతను ఆ లారీకి ఇవ్వడు. ఇచ్చినవాళ్లకు డబ్బు వేసిన రోజున ఆ మెసేజ్‌ను పైన పెట్టి, కింద అసలు లెక్క పెట్టండి. కిరాయి 300 పెరిగితే ఎందుకు పెరిగిందో ఒక వరుస రాస్తే సరిపోతుంది.